ముందొక అర్థం, వెనకొక అర్థం: ఈ పట్టికలు ఇక చాలు

ఫ్రెంచి నేర్పే పుస్తకం చాలావాటిల్లో, విశేషణాల పాఠం దగ్గర ఒక పట్టిక తగులుతుంది. ఎడమపక్క, నామవాచకానికి ముందొస్తే వచ్చే అర్థం. కుడిపక్క, వెనకొస్తే వచ్చే అర్థం. "ఆన్స్యేఁ" ముందుంటే మాజీ, వెనకుంటే పురాతన. "ప్రోప్ర్" ముందుంటే సొంత, వెనకుంటే శుభ్రమైన. బట్టీ పట్టండి, పరీక్షలో రాసేయండి, మర్చిపోండి. ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకునే పిల్లల దగ్గర్నుంచి, కెనడా వెళ్దామని టెఫ్ రాసే మనవాళ్ళ దాకా అందరికీ ఇదే మందు. ఈ పట్టిక కష్టంగా ఉందని కాదు నా గొడవ. అసలు సంగతిని దాచేసి, పైగా తప్పుదారి పట్టిస్తుందని.

ముందు ఆన్స్యేఁ సంగతి చూద్దాం. పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఓర్సే మ్యూజియం ఉంది. 1900లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన రైల్వే స్టేషను అది. 1986లో మ్యూజియంగా తెరిచారు. ఆ భవనాన్ని ఫ్రెంచివాళ్ళు "లాన్స్యెన్ గార్" అంటారు, అంటే మాజీ స్టేషను. భవనం ఎక్కడికీ పోలేదు, దాని పెద్ద గడియారాలతో సహా అక్కడే ఉంది. పోయిందల్లా స్టేషను అన్న హోదా. అంటే ముందున్న విశేషణం ఆ కట్టడాన్ని వర్ణించట్లేదు, "స్టేషను" అన్న మాట మీద పనిచేస్తోంది. అదే "గార్ ఆన్స్యెన్" అంటే? స్టేషను స్టేషనుగానే ఉంది, కాకపోతే పాతకాలంది. ఇక్కడ విశేషణం ఆ వస్తువునే వర్ణిస్తోంది.

దీన్ని పరీక్షించడం చాలా తేలిక. విశేషణాన్ని తీసి వాక్యం చివర పెట్టండి: "ఈ స్టేషను ఆన్స్యెన్". ఇప్పుడు "పాతది" అన్న అర్థం ఒక్కటే మిగులుతుంది, "మాజీ" ఎగిరిపోతుంది. ఈ తేడా మనకి కొత్తేం కాదండీ. "మా పాత మేనేజరు" అంటే ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళే ఉండొచ్చు, ఉద్యోగం మారాడంతే. "మా పాత ఇల్లు" అంటే ఐదేళ్ళ కిందట కట్టిన అపార్ట్‌మెంటైనా కావచ్చు, మనం ఖాళీ చేశామంతే. కానీ "ఆ ఇల్లు పాతది" అన్నామంటే గోడలు పాతబడ్డాయనే. తెలుగులో విశేషణం ఎప్పుడూ ముందే ఉంటుంది కాబట్టి సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. ఫ్రెంచివాడు ఆ పనిలో చాలా భాగం స్థానంతో చేస్తాడు. తెలుగు పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎవరికీ నోరు రాదేం?

చాలా భాగం అన్నాను, మొత్తం అనలేదు. బైబిలు పాత నిబంధనని "లాన్స్యేఁ తెస్తామాఁ" అంటారు. ఆన్స్యేఁ ముందే ఉంది, కానీ అది మాజీ నిబంధన కాదు. మంత్రి, మొగుడు, స్టేషను లాంటివి వదిలిపోగల హోదాలు, వాటి ముందు చేరితే మాజీ అన్న అర్థం గట్టిగా వస్తుంది. అలాంటి హోదా కానిచోట "మొదటి కాలపు", "ఎప్పట్నుంచో ఉన్న" అన్న అర్థాలకీ చోటుంటుంది. పట్టికలో ఈ ఊసే ఉండదు.

ఇక ప్రోప్ర్ దగ్గర పట్టిక పూర్తిగా బోల్తా కొడుతుంది. "మా ప్రోప్ర్ షెమీజ్" నా సొంత చొక్కా, "మా షెమీజ్ ప్రోప్ర్" ఉతికిన చొక్కా. ఇంతవరకూ బాగానే ఉంది. మరి వ్యాకరణంలో "నోఁ ప్రోప్ర్" అంటే? పట్టిక ప్రకారం శుభ్రమైన నామవాచకం! నిజానికది సంజ్ఞావాచకం, అంటే ఒకరికే చెందిన పేరు. "సాఁస్ ప్రోప్ర్" అంటే మాటకి ఉన్న అసలు అర్థం. ఫ్రాన్సులో రాజీనామా లేఖ మీద "రెమీజ్ ఆఁ మేఁ ప్రోప్ర్" అని రాసి ఉంటే చేతులు కడుక్కుని ఇచ్చారని కాదు, స్వయంగా చేతికి అందించారని.

కారణం చరిత్రలో ఉంది. ప్రోప్ర్ లాటిన్ "ప్రోప్రియుస్" నుంచి వచ్చింది. దాని అసలు అర్థం "సొంత, తనకే చెందిన". అది "తగిన"గా, "పొందికైన"గా మారి చివరికి "శుభ్రమైన" అయ్యింది. నోఁ ప్రోప్ర్ లాంటి పాత జంటలు మొదటి అర్థంతోనే గడ్డకట్టి ఉండిపోయాయి.

కాబట్టి అడగాల్సింది ముందా వెనకా అని మాత్రమే కాదు, యజమాని ఎవరని కూడా. ముందొచ్చే "సొంత" ప్రోప్ర్ మామూలుగా నా, నీ, వాడి లాంటి మాటనో, ఫలానావారి అన్న మాటనో ఆనుకుని నిలబడుతుంది. ఊరికే "యూన్ ప్రోప్ర్ షెమీజ్" అంటే ఫ్రెంచివాడు మొహం తేలేస్తాడు. "సొంత" అన్నది చొక్కా గురించి ఏమీ చెప్పదు, "నా" అన్నదాన్ని ఒత్తి పలుకుతుంది. అందుకే దాని చోటు "నా" పక్కన.

బట్టీ పట్టాల్సింది గడ్డకట్టిన నాలుగు జంటల్ని. మిగతాది అర్థం చేసుకోవాల్సింది. మన పుస్తకాలు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తున్నాయి. కాదు, పట్టికే మేలు అనేవాళ్ళుంటే ముందు "ఆఁ మేఁ ప్రోప్ర్"ని అందులో ఏ గడిలో పెడతారో చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.