బెర్తు ఇవ్వకుండానే అరవై కోత

అరవై రూపాయలే కదా, పోనీలేప్పా.

ఈ మాట మనం ఎన్నిసార్లు అనుంటాం? ఆదోని స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు ముందు అంటాం. ఎమ్మిగనూరులో టికెట్లు తీసే కుర్రాడి దగ్గర అంటాం. జొన్నగిరిలో టీ బంకు దగ్గర ఎవడైనా గొణిగితే, వాడి నోరు మూయించడానికి కూడా ఇదే మాట అంటాం.

ఎవరి డబ్బు అది? మీది కాదా?

మీరు రైలు టికెట్టు కొన్నారు. పూర్తి డబ్బు ముందే కట్టారు. వెయిటింగ్ లిస్టులో పెట్టారు. సరే, ఎదురు చూశారు. చార్టు పడింది. బెర్తు రాలేదు. ఆన్‌లైన్ టికెట్టు కాబట్టి దానంతటదే రద్దయింది. మీరు ఎక్కడానికి వీల్లేదు. ఆ టికెట్టుతో రిజర్వేషన్ పెట్టెలో కాలు పెడితే టికెట్టు లేనివాడి కిందే లెక్క.

మీరు ప్రయాణం మానుకోలేదు. మనసు మార్చుకోలేదు. రద్దు చేయమని ఎవరినీ అడగలేదు.

అయినా తలకు 60 రూపాయలు కోశారు.

దేనికి?

బెర్తు ఇవ్వలేనిది వాళ్లు. రద్దు చేసింది వాళ్ల కంప్యూటరు. జరిమానా మీకు. దీన్ని క్లర్కేజీ అంటారు. 2015 నవంబరు 12 నుంచి అమలైన రీఫండు నిబంధనల్లో ఇది 30 నుంచి ఒక్కసారిగా 60కి పెరిగింది. ఏసీ క్లాసైతే దాని మీద జీఎస్టీ కూడా. కోసిన కోత మీద పన్ను!

లెక్క వేద్దాం. ఓ కుటుంబం ఆదోని నుంచి ముంబయికి పనికి పోతోంది. నలుగురు. స్లీపరు టికెట్టు తలకు 400 అనుకోండి. నలుగురికీ 1600. ఆన్‌లైన్లో కార్డుతో తీస్తే సౌకర్య రుసుము ఇంకో 17 రూపాయల 70 పైసలు. నలుగురూ వెయిటింగ్ లిస్టే. చార్టులో ఒక్కరికీ బెర్తు రాలేదు. కొన్నాళ్లకు ఫోన్లో బ్యాంకు మెసేజి మోగుతుంది. 1360 జమ. 240 క్లర్కేజీ కింద పోయింది. సౌకర్య రుసుము ఎలాగూ వెనక్కి రాదు. మొత్తం నష్టం 257 రూపాయల 70 పైసలు. టికెట్టు తీసిచ్చినవాడి కమిషను ఇందులో కలపలేదు.

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎండలో గుంత తవ్విన ఒక రోజు కష్టంలో చాలా వంతు, ఎక్కని రైలుకు కట్టారు. ఆ నలుగురూ ఆ రాత్రి ముంబయికి పోలేదా? పోయారు. జనరల్ పెట్టెలో, మరుగుదొడ్డి తలుపు పక్కన, మళ్లీ టికెట్టు కొనుక్కుని పోయారు.

మీకు అరవై చిన్నది. వాళ్లకు కూడా చిన్నదేనా?

పైగా ఈ కోతకు దూరంతో పని లేదు. వెయ్యి రూపాయల స్లీపరు టికెట్టుకూ అరవయ్యే, నూట యాభై టికెట్టుకూ అరవయ్యే. తక్కువ దూరం పోయే పేదవాడికి టికెట్టులో మూడో వంతుకు పైగా ఎగిరిపోతుంది. ఇంత సూటిగా పేదవాడి మీద పడే రుసుము మరొకటి చూపించండి.

అందరి అరవైలూ కలిస్తే ఎంతవుతుందో తెలుసా? 2021 నుంచి 2024 జనవరి దాకా రద్దయిన వెయిటింగ్ లిస్టు టికెట్ల మీద రైల్వేకు 1229 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. సమాచార హక్కు కింద అడిగితే రైల్వేనే ఇచ్చిన లెక్క ఇది. బెర్తు ఖాయం కాని జనం కట్టిన డబ్బు.

ఇప్పుడు చెప్పండి, అరవయ్యేనా?

అందరూ మనలాగే పోనీలే అనుకోలేదు. రాజస్థాన్‌లోని కోటా పట్నంలో ఓ ఇంజినీరు ఉన్నాడు. 2017 ఏప్రిల్లో, జులై 2న ఢిల్లీ పోయే రైలుకు 765 రూపాయలు పెట్టి టికెట్టు తీశాడు. వెయిటింగ్ లిస్టు. ముందే రద్దు చేసుకున్నాడు. 65 పోయి 700 రావాలి. 665 వచ్చింది. ఎక్కువ కోసిన 35 సేవా పన్ను అన్నారు. జీఎస్టీ జులై 1న గదా వచ్చింది, నేను అంతకు ముందే రద్దు చేస్తే ఈ పన్నేమిటని అడిగాడు. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టాడు. 2019లో 33 రూపాయలు ఇచ్చారు. రెండు రూపాయలు ఆపారు! ఆ రెండు రూపాయల కోసం ఇంకో మూడేళ్లు పట్టు వదల్లేదు. 2022లో అవీ వచ్చాయి. ఆయన ఒక్కడికే కాదు, అలాగే కోత పడిన 2 లక్షల 98 వేల మందికి ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి రైల్వే ఒప్పుకుంది. మొత్తం 2 కోట్ల 43 లక్షలు.

ముప్పై అయిదు రూపాయలకు అయిదేళ్లు. ఆ 2 లక్షల 98 వేల మందిలో మిగతావాళ్లంతా ఏం చేశారు? మనం చేసేదే చేశారు.

ఇక డబ్బు దానంతటదే వస్తుందని మీరు నిశ్చింతగా ఉన్నారే, అదెప్పుడు వస్తుందో ఎప్పుడైనా కనుక్కున్నారా? రెండే రెండు సందర్భాలు గుర్తుపెట్టుకోండి. ఆన్‌లైన్ టికెట్టు మీద ఉన్న అందరూ చార్టు పడ్డాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే, క్లర్కేజీ పోను మిగతాది వస్తుంది. రైల్వేనే రైలును మొత్తంగా రద్దు చేస్తే, ఆన్‌లైన్ టికెట్టుకు చార్జీ పూర్తిగా వస్తుంది, క్లర్కేజీ లేదు. సౌకర్య రుసుము అప్పుడూ రాదు.

మిగతా చోట్ల అడగాలి. గడువులోపల అడగాలి. అడగకపోతే పోయినట్టే.

కౌంటరులో తీసిన కాగితం టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉంటే అది దానంతటదే రద్దు కాదు, రైలు కదలడానికి అరగంట ముందే మీరు రద్దు చేయించాలి, లేకపోతే అరవై కాదు మొత్తం పోతుంది. రైలే రద్దయినా కాగితం టికెట్టు వాడు బయల్దేరాల్సిన రోజు నుంచి మూడు రోజుల్లోపల కౌంటరుకు వచ్చి నిలబడాలి, తుగ్గలి నుంచో హొళగుంద నుంచో పని మానుకుని బస్సు చార్జీ పెట్టుకుని రావాలి. ఆర్‌ఏసీ వచ్చినవాడు పోలేకపోతే వాడూ అరగంట ముందే రద్దు చేసుకోవాలి, అప్పుడూ అరవై కోతే. నలుగురిలో ఒక్కరికి బెర్తు వచ్చి ముగ్గురికి రాకపోతే ఆన్‌లైన్ టికెట్టు కూడా రద్దు కాకుండా చార్టులో అలాగే ఉండిపోతుంది, పిల్లల్ని వదిలి తండ్రి ఒక్కడే పోలేడని కంప్యూటరుకు తెలియదు, ఆ సంగతి వీళ్లకు ఎవరూ చెప్పరు, డబ్బు వస్తుందిలే అని ఇంటికి పోతారు, రాదు. రైలు మూడు గంటలకు పైగా లేటై మీరు పోకపోతే చార్జీ మొత్తం ఇవ్వాలని నిబంధన ఉంది, కానీ రైలు కదిలేలోపే టీడీఆర్ పెట్టాలి, ఎంత లేటైందో రైల్వే కంప్యూటర్లో నిమిషాలతో సహా ఉన్నా మీరే పెట్టాలి, అదీ ఇంగ్లీషులో ఉన్న కారణాల చిట్టాలో వెతికి పెట్టాలి. ఏజెంటు దగ్గర తీస్తే డబ్బు ఏజెంటు ఖాతాకు పోతుంది, వాడి చుట్టూ మీరు తిరగాలి. వెయిటింగ్ లిస్టో ఆర్‌ఏసీనో అయితే, అన్నీ తిరిగాక, అన్నీ అడిగాక, చేతికొచ్చేదాంట్లో తలకు అరవై తక్కువ.

ఇదంతా కళ్లముందే జరుగుతోంది. మనకు తెలియనిది ఏముంది?

చేతకాక చేయడం లేదని మాత్రం అనొద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి ప్రయాణికుల రైళ్లన్నీ ఆపేశారు. ఆన్‌లైన్ టికెట్లను మీరు రద్దు చేసుకోవద్దు, పూర్తి డబ్బు దానంతటదే వస్తుంది అని అప్పుడు ఐఆర్‌సీటీసీయే చెప్పింది. లక్షల ఖాతాల్లో డబ్బు పడింది. ఎవడూ దరఖాస్తు పెట్టలేదు. ఎవడూ సంతకం చేయలేదు. కంప్యూటరుకు చెబితే చేస్తుంది. చెప్పేవాళ్లు లేరు. అడిగేవాళ్లు అసలే లేరు.

ప్రయాణం మానుకున్నవాడి దగ్గర రుసుము తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. అతని బెర్తు ఇంకొకడికి పోయేది, ఆలస్యంగా చెబితే ఖాళీగా పోతుంది. అరడజను రైళ్లకు టికెట్లు తీసి పెట్టుకునేవాణ్ణి ఆపడానికి ఏదో ఒక కళ్లెం ఉండాలి. చివరిదాకా ఎదురుచూసి బెర్తు దొరకనివాడు ఏ నేరం చేశాడు? అతనికీ కోత ఎందుకు? ఇద్దరి దగ్గరా కోసే ఈ నిబంధనను పదేళ్లకు పైగా మనం నోరెత్తకుండా మోశాం.

మన పశ్చిమ ప్రాంతం సంగతి మీకు నేను చెప్పాలా? వానలు మొఖం చాటేస్తే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు, ముంబయికి. జొన్నగిరి నేలలో బంగారం ఉందని దేశమంతా చెప్పుకుంటారు. ఆ నేల మీద పుట్టినవాడు రైల్లో బెర్తు కోసం ముందే డబ్బు కట్టి, అది దొరక్క, దొరకనందుకు మళ్లీ కడుతున్నాడు. మన ఓట్లతో గెలిచినవాళ్లు స్టేషనుకు వస్తారు, కొత్త రైలు ఆపామని పచ్చజెండా ఊపుతారు. ఆ వేదిక ముందు కుర్చీల్లో కూర్చున్న మీలో ఒక్కరైనా లేచి, మా అరవై ఎందుకు కోస్తున్నారని అడిగారా?

చప్పట్లు కొట్టారు. అంతే కదా?

కనీసం ఇవైనా చేయండి. రైలు రద్దయిందని తెలియగానే కంగారుపడి ఆన్‌లైన్ టికెట్టును మీ చేత్తో రద్దు చేయొద్దు, పూర్తిగా రావాల్సిన డబ్బుకు కోత పడుతుంది. కాగితం టికెట్టయితే, రిజర్వేషన్ ఫారంలో మీ ఫోన్ నంబరు రాసి ఉంటే, 139కి ఫోన్ చేసి గడువులోపల రద్దు చేయించుకోవచ్చు, తర్వాత కౌంటరులో డబ్బు తీసుకోవచ్చు. రైలు మూడు గంటలు దాటి లేటైతే, అది రాకముందే టీడీఆర్ పెట్టండి. అక్కడ ఎంచుకోవాల్సిన కారణం ఇది: Train Late More Than Three Hours and Passenger Not Travelled. పక్కన చదువురాని పెద్దాయన ఉంటే ఆయన టికెట్టు కూడా మీరే చూడండి.

ఆ తర్వాత మన ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. రెండే వాక్యాలు చాలు. చార్టు పడ్డాక బెర్తు ఇవ్వలేకపోయిన టికెట్టుకు క్లర్కేజీ ఎత్తేయండి. మూడు గంటలు దాటిన రైలుకు, రద్దయిన రైలుకు అడగకుండానే డబ్బు వెనక్కి వేయండి, కాగితం టికెట్టయినా సరే.

పోనీలేప్పా అని మాత్రం ఇంకోసారి నా ముందు అనకండి.