రసీదులోని నెంబరే రైతుకు సాక్ష్యం

పరిగి: ఆదాయ ధృవీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుతున్న వారిని "ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, నెంబరు ఎంత?" అని అడిగితే చాలామంది చెప్పలేకపోతున్నారు. రసీదు ఇంట్లో ఏ డబ్బాలోనో పడివుంటుంది. ఈలోగా పిల్లవాని స్కాలర్‌షిప్ గడువు దాటిపోతుంది. నష్టపోయేది ఆ కుటుంబమే.

మీసేవ కేంద్రంలో యిచ్చే రసీదుపై సాధారణంగా రెండు నెంబర్లుంటాయి. ఒకటి డబ్బు కట్టినందుకు గుర్తు, రెండవది దరఖాస్తు నెంబరు. దరఖాస్తు ఎక్కడ వున్నదీ చూపేది రెండవదే. మొదటిది చెప్పి "కంప్యూటరులో కనబడలేదు" అనిపించుకొని వెనుదిరిగే వారున్నారు. ఏది దరఖాస్తు నెంబరో ఆపరేటరునే అడిగి, దానిక్రింద గీత గీయించుకోవాలి. ఎన్నిరోజులలో పత్రం యివ్వవలెనో కూడా అడిగి, ఆ తేదీని రసీదు వెనుక వ్రాయించుకోవాలి.

దరఖాస్తు తహసీల్దారు కార్యాలయానికి కంప్యూటరు ద్వారా చేరుతుంది. గిర్దావరు విచారించి వ్రాసిన నివేదికపై తహసీల్దారు సంతకం చేస్తారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టులు రద్దయిన తర్వాత విచారణ భారమంతా గిర్దావర్లపై పడింది. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలిచ్చారు. జాప్యానికి కారణం వుండవచ్చును గాని, ఆ కారణం పత్రం అడిగిన వాని తప్పు కాదు.

ఒక రైతు జూలై 1న దరఖాస్తు పెట్టాడని, వారం గడువు చెప్పారని అనుకుందాము. 9వ తేదీన అదే నెంబరుతో మీసేవలో చూపించుకోవాలి. కంప్యూటరులో Approved అని వుంటే పత్రం సిద్ధమైనట్లే, అచ్చు తీయించుకోవచ్చును. Rejected అని వుంటే ఫిర్యాదు చేసి లాభం లేదు. తిరస్కరించిన కారణం చదివించుకొని, లోపించిన కాగితం జతచేసి మళ్లీ పెట్టాలి. అప్పుడు నెంబరు మారుతుంది, గడువు కూడా మొదటినుండి లెక్కకు వస్తుంది. Pending అని వుంటేనే ఫిర్యాదుకు తావున్నది.

అప్పుడు ముందుగా తహసీల్దారుకు రెండు వాక్యాల అర్జీ యివ్వాలి. "జూలై 1న ఫలానా నెంబరుతో దరఖాస్తు పెట్టాను, గడువు దాటింది" అంటే చాలును. నకలుపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. కదలిక లేకపోతే సోమవారం వికారాబాద్ కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో అర్జీ యివ్వాలి. అందులో మీసేవ నెంబరు తప్పక వ్రాయాలి. అక్కడ యిచ్చే నెంబరు వేరు, దానిని కూడా దాచుకోవాలి.

అసలు చిక్కు యిక్కడే వస్తున్నది. ప్రజావాణి అర్జీ తిరిగి అదే తహసీల్దారుకు పోతుంది. "సంబంధిత అధికారికి పంపడమైనది" అని వ్రాసి, అర్జీ పరిష్కారమైనట్లు చూపే అవకాశమున్నది. పత్రం మాత్రం చేతికి రాదు. అటువంటప్పుడు కొత్త కథతో కొత్త అర్జీ పెట్టరాదు. పాత నెంబర్లు రెండూ వ్రాసి, "పరిష్కారమైనదన్నారు, పత్రం రాలేదు" అని మళ్లీ కలెక్టరుకే యివ్వాలి.

పి.ఎం. కిసాన్, పాస్‌పోర్టు వంటి కేంద్ర వ్యవహారాలకు pgportal.gov.in వున్నది. కేంద్ర శాఖలు 21 రోజులలో జవాబివ్వాలని 2024 ఆగస్టులో నిర్ణయించారు. జవాబు తృప్తిగా లేకుంటే అదే నెంబరుపై అప్పీలు చేయవచ్చును. రాష్ట్ర కార్యాలయంపై ఫిర్యాదును మాత్రం వారు రాష్ట్రానికే పంపుతారు.

ఇవన్నీ పనిచేయకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం వున్నది. "ఎందుకు ఆలస్యం చేశారు?" అని అడిగితే దాటవేయవచ్చును. "ఈ నెంబరు దరఖాస్తు ఏ తేదీన ఎవరి వద్దకు చేరింది, ఎన్నిరోజులు వున్నది, ఆ నమోదు నకలు యివ్వండి" అని అడగాలి. ముప్పయి రోజులలో జవాబు రావాలి. రాకుంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు.

అధికారులు చేయవలసినదీ వున్నది. అర్జీని క్రిందికి పంపినంత మాత్రాన పరిష్కారమైనట్లు లెక్కించడం మానాలి. పత్రం అర్జీదారు చేతికి అందిన తర్వాతనే ఆ నెంబరు మూయాలి. ప్రతి సోమవారం కొత్త అర్జీలు తీసుకొనుటకు ముందు, క్రిందటి సోమవారం మూసిన నెంబర్లలో కొన్నింటిని కలెక్టరు తెప్పించి చూడాలి. పల్లెనుండి వచ్చే మనిషికి ప్రతి రాకపోక బస్సు చార్జీతో పాటు ఒక రోజు కూలి. కంప్యూటరు లెక్కలో ఆ కూలి కనబడదు.