నిల్వ ఎవరిది?

పోయినేడు సంక్రాంతికి ప్రొద్దుటూరు పోయినప్పుడు మా చిన్నమ్మ తన ఫోను నా చేతిలో పెట్టి ఒక ప్రశ్న అడిగింది. ఆమె పొదుపు సంఘంలో ఉంది. సంఘం లెక్కలు చూసుకోడానికి ఆమె వాడే యాప్‌కి తెలుగు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పటికి భాషా ఇంటర్న్‌గా చేరి నాలుగు నెలలు. ఆ యాప్ మాదేనని ఆమెకు తెలీదు. వీడేదో తెలుగులో కంప్యూటర్ పని చేస్తాడని మాత్రం తెలుసు.

"ఏంరా, ఈ నిల్వ అంటే మనకొచ్చే దుడ్డా, మనం కట్టే దుడ్డా?"

తెర మీద "నిల్వ: 18,400" అని ఉంది. అది అప్పు పేజీ. ఆమె తీసుకున్న అప్పు 30,000. అసలులో 11,600 కట్టేసింది, ఇంకా 18,400 కట్టాలి. పక్కనే ఉన్న పొదుపు పేజీలో "నిల్వ: 6,250" అని ఉంది. రెండు పేజీల్లోనూ అదే మాట, అదే అక్షరాల సైజు, అదే ఆకుపచ్చ రంగు. రెండూ కలుపుకుంటే తన పేరు మీద 24,650 ఉందని ఆమె లెక్క. ఆ ధైర్యంతోనే పండగ కాగానే కూతురి ఫీజు 15,000 కట్టేస్తానని కాలేజీలో చెప్పి వచ్చింది.

ఆమె చదువురాని మనిషి కాదు. సంఘం మీటింగు తీర్మానాలు రాసేది ఆమే. "యూజర్లకు డిజిటల్ అవగాహన తక్కువ" అని మా ఆఫీసులో తరచూ వినపడే మాట ఆమె దగ్గర చెల్లదు. ఆమె తెలుగు సరిగ్గానే చదివింది, మేమే తప్పు రాశాం. ఇంకా చెప్పాలంటే, మా లెక్క ప్రకారం మేం రాసింది తప్పు కూడా కాదు. నా గొడవంతా ఆ లెక్కతోనే.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. యాప్‌లో కనిపించే ప్రతి ఇంగ్లీషు ముక్కనూ కోడ్ నుంచి విడదీసి ఒక ఫైల్లో పెడతారు. మేం దాని కింద తెలుగు రాస్తాం. మా ఫైల్లో ఆ మాట ఇలా ఉండేది:

```
#: savings.js:41 loan.js:88
msgid "Balance"
msgstr "నిల్వ"
```

మొదటి వరస చూడండి. ఈ ఒక్క మాటే రెండు చోట్ల, పొదుపు పేజీలోనూ అప్పు పేజీలోనూ వాడుతున్నారని అది చెప్తోంది. జబ్బు పేరు చీటీ మీద రాసే ఉంది. అయితే ఇంటర్న్ కూర్చునే స్క్రీన్లో ఆ వరస కనిపించదు. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క ఖాళీ గడి, అంతే. ఆ మాట ఏ పేజీలో పడుతుందో, బటనో శీర్షికో, దాని పక్కన ఏ అంకె వస్తుందో మాకు తెలీదు. దానికి తోడు ట్రాన్స్‌లేషన్ మెమరీ ఒకటి. ఒకసారి అనువదించిన వాక్యం మళ్లీ ఎదురైతే పాత తెలుగును అదే తెచ్చి నింపేస్తుంది. అలా నిండిన గడులకు చాలాచోట్ల డబ్బులివ్వరు, ఇచ్చినా అరకొరే. కాబట్టి వాటిని తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఆపైన పదపట్టిక. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు ఆమోదం పొందిన తెలుగు మాట. బ్యాలెన్స్ అంటే నిల్వ. పట్టికలో లేని మాట రాస్తే గడి పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. నెలాఖరుకి ఎవరి గడుల్లో ఎన్ని ఎర్ర గుర్తులున్నాయో లెక్క తీస్తారు. ఆ లెక్కకు మావాళ్లు పెట్టిన పేరు "స్థిరత్వం". ఇంగ్లీషు మాట ఒకటైతే తెలుగు మాటా ఒకటే ఉండాలట. చిన్నమ్మను తప్పుదారి పట్టించిన ఆ పేజీకి స్థిరత్వంలో నూటికి నూరు వచ్చాయి!

నేను స్థిరత్వానికి వ్యతిరేకిని కాను. ఎస్సెమ్మెస్‌లో "ఈఎంఐ" అని, యాప్‌లో "కిస్తు" అని, హెల్ప్ పేజీలో "వాయిదా" అని మూడు రకాలుగా రాస్తే, మూడూ ఒకటేనని పోల్చుకోవాల్సిన పని చదివేవాళ్ల నెత్తిన పడుతుంది. అది అన్యాయం. కానీ స్థిరంగా ఉండాల్సింది విషయానికీ తెలుగు మాటకీ మధ్య సంబంధం. ఇంగ్లీషు మాటకీ తెలుగు మాటకీ మధ్య సంబంధం కాదు. ఇంగ్లీషువాడు ఉన్న డబ్బునూ బ్యాలెన్స్ అంటాడు, ఇవ్వాల్సిన డబ్బునూ బ్యాలెన్స్ అంటాడు. అది వాళ్ల భాష సర్దుబాటు. మనకు వేర్వేరు మాటలున్నప్పుడు ఆ సర్దుబాటును మనమెందుకు మోయాలి?

"బ్యాలెన్స్ అని తెలుగు లిపిలో రాసేస్తే గొడవే ఉండదు కదా" అని ఒక సహోద్యోగి అన్నాడు. ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుంది. తెలుగువాళ్లకు ఆ మాట ఫోన్ రీచార్జి దగ్గర అలవాటైంది. "బ్యాలెన్స్ ఉందా?" అంటే మన దగ్గర మిగిలి ఉందా అని. అప్పు పక్కన అదే మాట పెడితే చిన్నమ్మ అడగను కూడా అడిగేది కాదు, ఆ డబ్బు తనదేనని నమ్మేసేది.

మరొకరు ఇంకాస్త గట్టి అభ్యంతరమే తెచ్చారు. సంఘం పుస్తకాల్లో "అప్పు నిల్వ" అని రాస్తారు కదా, నిల్వ తప్పెలా అవుతుందని. నిజమే, రాస్తారు. అక్కడ ముందు "అప్పు" ఉంది, అందుకే అర్థమవుతుంది. ఆ "అప్పు"ను తీసి పేజీ నెత్తిన శీర్షికగా పెట్టి, వేలితో కిందికి జరపగానే అది కనబడకుండా పోయేలా చేసింది మన డిజైన్. ఇక మిగిలింది ఒంటరి నిల్వ, దాని పక్కన ఆకుపచ్చ అంకె.

వాయిదా సంగతి ఇంకా తమాషా. పట్టికలో ఇన్‌స్టాల్‌మెంట్‌కి వాయిదా అని ఉంది. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు. కానీ మన పేపర్లలో కేసు వాయిదా పడుతుంది, పరీక్ష వాయిదా పడుతుంది. "మీ వాయిదా: 5వ తేదీ" అని నోటిఫికేషన్ వస్తే, కట్టడం 5కి జరిపారని ఒకరు అనుకుంటారు, 5న కట్టాలని ఇంకొకరు అనుకుంటారు. మా కడప వైపు దాన్ని కంతు అంటారు. కంతు కట్టినావా, ఇంకెన్ని కంతులుండాయి అని అడుగుతారు. నేను కంతు పెట్టమని వాదించాను. శ్రీకాకుళంలో ఎవరికి అర్థమవుతుందని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఒప్పుకున్నాను. సీమ మాటను రాష్ట్రమంతా రుద్దాలని నాకేం లేదు. చివరికి "ఈ నెల కట్టాల్సింది" అని రాశాం. నామవాచకం దొరక్కపోతే క్రియతో చెప్పొచ్చని తెలుగుకు ఎప్పుడూ తెలుసు, పట్టికలకే తెలీదు. గడికి ఒక నామవాచకం అడగడం వాటికి అలవాటు.

ఆ ఎర్ర గుర్తు మన వ్యాకరణాన్ని కూడా చెడగొడుతోంది. పట్టికలో "సందేశం" ఉందనుకోండి. నేను "సందేశాన్ని పంపండి" అని రాస్తాను. యంత్రం "సందేశం" అనే అక్షరాల వరస కోసం వెతుకుతుంది, దొరకదు, ఎర్ర గుర్తు పెడుతుంది. సున్నాతో ముగిసే ప్రతి మాటకూ ఇదే గతి: మొత్తాన్ని, రుణానికి, వివరాల్లో. ఆ గుర్తుకు భయపడి కుర్రాళ్లు "సందేశంను పంపండి" అని రాస్తారు, యంత్రం సంతోషిస్తుంది. ఫోన్లలో కనబడే ఆ వికారమైన తెలుగుకు అనువాదకుల అజ్ఞానమే కారణమని మనం ఫేస్‌బుక్‌లో నవ్వుకుంటాం. అందులో కొంత ఇలా మార్కుల కోసం పుట్టింది.

పండగ తర్వాత తిరిగి బయల్దేరేముందు కడపలో ఒక పూట దొరికితే బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాను. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్నచోటే అది ఉంది. వేమన పద్యాలు వెతికినవాడనీ, నిఘంటువు చేసినవాడనీ అందరూ చెప్తారు. నాకు ఆ రోజు గుర్తొచ్చింది 1854లో ఆయన విడిగా అచ్చేసిన ఇంకో నిఘంటువు. తెలుగులో వాడే మిశ్రభాషల మాటలకు, అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా చేసిన పుస్తకమది. ఈ ప్రాంతం 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికొచ్చింది, కర్నూలు 1839 దాకా నవాబుల కిందే ఉంది. ఇక్కడి లెక్కల భాషంతా జమ, బాకీ, ఖాతా, రసీదు, వసూలు, దాఖలా. పండితుల నిఘంటువును నమ్ముకుని కచేరీలో కూర్చుంటే రైతు అర్జీ అర్థం కాదు. అందుకని ఆ మాటలకు వేరే పుస్తకమే చేశాడు. పాలించడానికొచ్చినవాడు, ఆయన అవసరం ఆయనది. కానీ ఏ మాట ఎక్కడ వాడుతున్నారో ముందు చూసి, తర్వాత పుస్తకంలోకి ఎక్కించాలని ఆయనకు తెలుసు. మా పదపట్టిక తయారుచేసినవాళ్లు పొదుపు సంఘం పుస్తకం ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. అడిగి మరీ తెలుసుకున్నాను.

ఆఫీసుకొచ్చాక నేను అడిగింది చిన్న పనే. ఆ ఒక్క ఇంగ్లీషు మాటను రెండుగా విడదీయమన్నాను:

```
msgctxt "savings"
msgid "Balance"
msgstr "నిల్వ"

msgctxt "loan"
msgid "Balance"
msgstr "ఇంకా కట్టాల్సిన అప్పు"
```

కొత్తగా చేరిన `msgctxt` వరస ఈ మాట ఎక్కడిదో చెప్తుంది. ప్రోగ్రామర్‌కి పావుగంట పని. దానికి ఒప్పించడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఇంగ్లీషులో ఏ ఇబ్బందీ లేనప్పుడు కోడ్ ఎందుకు మార్చాలన్నారు. చిన్నమ్మ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, రెండు నిల్వల చుట్టూ ఎర్ర గీత గీసి, కింద 24,650 అని రాసి పంపాక ఆ వాదన ఆగింది. ఆకుపచ్చ రంగు కూడా పోయింది. రెండో గడికి ఇప్పటికీ ఎర్ర గుర్తు పడుతూనే ఉంది, ఎందుకంటే అందులో నిల్వ లేదు. ఆ నెల నా స్థిరత్వం మార్కు తగ్గింది.

పట్టికలో కూడా ఒక గడి కలపమన్నాను. ప్రతి మాటకూ ఇది ఎవరి డబ్బు, ఎవరు ఎవరికివ్వాలి అని ఒక వాక్యం తెలుగులో రాయాలి. అది రాయడానికి కూర్చుంటే సగం మాటలకు మాకే జవాబు తెలీదని తేలింది. "డ్యూ" అంటే గడువు దాటిందా, ఇంకా రావాల్సి ఉందా? ప్రోగ్రామర్లను అడిగితే ఇద్దరు రెండు జవాబులు చెప్పారు. అంటే ఆ మాట ఇంగ్లీషులోనూ తేలలేదు. తెలుగు చేయబోతే బయటపడింది.

చిన్నమ్మ ఫీజు రెండు దఫాలుగా కట్టింది. యాప్‌లో ఇప్పుడు సరిగ్గానే కనబడుతోంది. ఎస్సెమ్మెస్‌లో మాత్రం ఇంకా "మీ నిల్వ" అనే వస్తోంది. మన దేశంలో కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌ల నమూనాలను ముందే నమోదు చేయించాలి. అందులో మాట మార్చాలంటే మళ్లీ ఆమోదం తెచ్చుకోవాలి. ఒక్క మాట కోసం అంత అవసరమా అని అడుగుతున్నారు. రెండు మెయిళ్లు పంపాను, మూడోది రాస్తున్నాను.