తూగే చోటును నమ్మవద్దు

కత్తులు సేకరించేవారిలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. కత్తి ముందుకు బరువుగా అనిపిస్తే పిడి చివరి గుండు, అంటే పామెల్, బరువు పెంచితే చాలట. వేలి మీద అడ్డంగా ఆనించినప్పుడు కత్తి తూగే చోటు పిడికి దగ్గరైతే చేతిలో తేలిగ్గా ఆడుతుందట. నకలు కత్తుల అమ్మకమంతా ఈ మాట మీదే నడుస్తోంది. ఇది తప్పు.

మధ్యయుగ యూరప్ తరహా ఒంటిచేతి కత్తినే తీసుకుందాం. బరువు 1100 గ్రాములు, తూగే చోటు పిడి అడ్డకమ్మీకి 18 సెంటీమీటర్ల ముందు. కమ్మీకి 12 సెంటీమీటర్ల వెనకున్న పామెల్‌కు 200 గ్రాములు కలిపితే తూగే చోటు దాదాపు 13.4కు జరుగుతుంది. అలా కాకుండా, అలుగు మీద 60 సెంటీమీటర్ల దగ్గర 50 గ్రాముల ఉక్కు తీసేస్తే అది 16కే వస్తుంది. వేలి పరీక్షలో మొదటిదే గెలుస్తుంది. కానీ తిప్పేటప్పుడు ఎదురయ్యే మొరాయింపు దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ 50 గ్రాములు పోవడంతో తగ్గిన మొరాయింపు, 200 గ్రాముల పామెల్ తెచ్చినదానికి ఆరు రెట్లకు పైమాటే. పామెల్ దాన్ని తగ్గించలేదు, కాస్త పెంచింది! కదలకుండా పట్టుకున్నా మణికట్టును తక్కువ లాగేది రెండో కత్తే.

అలుగు నడుమ తీసే గాడి, ఫుల్లర్, ఉన్నది ఇందుకే. నెత్తురు జారడానికన్నది కట్టుకథ. అలుగంతా సమంగా పలచన చేస్తే వంపుకు నిలిచే బిగువు మందం ఘనం లెక్కన పడిపోతుంది. గాడి తీస్తే అంచుల పక్క మందం నిలిచి, బరువు పోయినంతగా బిగువు పోదు. ఓక్‌షాట్ వర్గీకరణలో పదో రకం కత్తులకు వెడల్పాటి గాడి దాదాపు మొన దాకా సాగుతుంది. కమ్మీ దగ్గరే ఆగిపోయే గాడి అలంకారానికి మించి పెద్దగా చేసేదేమీ లేదు.

పిడిలోకి దూరే ఉక్కు తోక, టాంగ్, సంగతి వేరు. అది చేతిలోనే ఉంటుంది కనుక వెడల్పుగా చేస్తే బరువు పెరిగినా కత్తి మందగించదు. సన్నటి కడ్డీని అతికించి, పోయిన బరువును పామెల్‌లో నింపే తయారీదారు అతుకు దగ్గర విరిగే కత్తిని అమ్ముతున్నాడు.

పామెల్‌కు అసలు పని లేకపోలేదు. కత్తిని మొన కిందికి వేలాడదీసి, కమ్మీ దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని పక్కలకు చకచకా కదపండి. అలుగు మీద ఒక చోటు కదలకుండా నిలబడుతుంది. పామెల్ బరువెక్కేకొద్దీ ఆ చోటు మొన వైపు జరుగుతుంది. పొడిచే కత్తికి అది కావాలి, ఎందుకంటే చెయ్యి పక్కకు జరిగినా మొన గురి మీదే ఉంటుంది. నరికే కత్తికి ముందు అలుగు బరువు సరిచూడాలి.