ఐఎన్‌ఆర్ రిపోర్టులో కనపడని తెల్లగడ్డ

పోయిన నెల మా పెదనాయనకి హెర్నియా ఆపరేషన్. నెల్లూరులో ఒక ఆసుపత్రి, పొద్దున ఏడు గంటలు. ఆయనకి పచ్చగౌను తొడిగేశారు, స్ట్రెచర్ కూడా వచ్చేసింది. అప్పుడు మత్తు డాక్టరమ్మ వచ్చి కేసు షీటు తిరగేసి, "మాత్రలు కాకుండా ఇంకేమన్నా వాడతా ఉన్నారా పెద్దాయనా? నాటుమందులు, కషాయాలు, క్యాప్సూల్సు?" అని అడిగారు.

"మందులేం లేవమ్మా. వారం నుంచి పరగడుపున తెల్లగడ్డ తింటా ఉండా, అంతే" అన్నాడు పెదనాయన. "రక్తం పల్చబడే మాత్ర ఆపమన్నారు గదా. ఊరికే ఉంటే గడ్డ కడతాదేమోనని."

మా అన్నా నేనూ నవ్వుకున్నాం. డాక్టరమ్మ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎన్ని రెబ్బలు, పచ్చివా, ఉడికించినవా, ఎప్పటినుంచి అని ఒక్కొక్కటే అడిగారు. రోజుకి నాలుగు రెబ్బలు, రోట్లో దంచి మజ్జిగతో మింగుతున్నాడంట. దానికి తోడు రాత్రి రెండు తెల్లగడ్డ క్యాప్సూల్సు. అవి ఆన్‌లైన్‌లో తెప్పించింది మా అన్నే. ఆ రోజు ఆపరేషన్ జరగలేదు.

మైపాడు దగ్గర మా ఊళ్లో తెల్లగడ్డ అంటే వెల్లుల్లే. పెదనాయనకి గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుంది. అలా కొట్టుకునే గుండెలో రక్తం నిలిచి గడ్డ కట్టి, అది మెదడుకి పోతే పక్షవాతం వస్తుంది. అందుకే నాలుగేళ్లుగా వార్‌ఫరిన్ మాత్ర వేసుకుంటున్నాడు. రక్తం ఎంత పల్చగా ఉందో చూడ్డానికి ఐఎన్‌ఆర్ అనే పరీక్ష ఉంటుంది. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఆయనకి 2 నుంచి 3 మధ్య ఉంచాలి. ఆపరేషన్‌కి 5 రోజుల ముందు మాత్ర ఆపమన్నారు, ఆపాడు. ముందురోజు ఐఎన్‌ఆర్ 1.1 వచ్చింది. అంతా బాగుందని ఆ రిపోర్టు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది నేనే.

ఆ 1.1 చూపించి, "రక్తం మామూలుగానే ఉంది కదా మేడమ్?" అన్నాను. ఆవిడ చెప్పిన జవాబు కోసమే ఈ వారం కాలమ్.

రక్తం ఆగడానికి మన ఒంట్లో రెండు పనులు జరుగుతాయి. మొదట ప్లేట్‌లెట్లు అనే చిన్న చిన్న కణాలు వచ్చి తెగిన చోట ఒకదానికొకటి అతుక్కుని బిరడాలాగా మూస్తాయి. తర్వాత రక్తంలోని ప్రొటీన్లు వలలాగా అల్లుకుని ఆ బిరడాని గట్టిపరుస్తాయి. వార్‌ఫరిన్ పనిచేసేది ఆ వల అల్లే పని మీద. ఐఎన్‌ఆర్ కొలిచేది కూడా ఆ వలనే. వెల్లుల్లి ముఖ్యంగా పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద, అవి అతుక్కోకుండా చేస్తుంది. వాటి పని ఐఎన్‌ఆర్‌లో కనపడదు. ప్లేట్‌లెట్ల లెక్క చూసినా లాభం లేదు. లెక్క లక్షల్లో బాగానే ఉంటుంది, అతుక్కునే గుణమే తగ్గి ఉంటుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, మానిటరింగ్ పెట్టింది ఒక సర్వర్ మీద, లోడు పడింది ఇంకో సర్వర్ మీద. డ్యాష్‌బోర్డు అంతా గ్రీనే.

పెదనాయన లెక్క తప్పింది కూడా ఇక్కడే. లయ తప్పిన గుండెలో గడ్డ కట్టేది ఎక్కువగా ఆ వల వల్ల. దానికి వార్‌ఫరిన్ కావాలి. వెల్లుల్లి ఆ పని చెయ్యదు. అంటే ఆ వారం రోజులు ఆయనకి పక్షవాతం నుంచి రక్షణా లేదు, పైగా ఆపరేషన్‌లో రక్తం ఆగడం కష్టమయ్యే అవకాశం తోడయింది.

అసలు వెల్లుల్లిలో ఆ గుణం ఎక్కడిది? చెక్కుచెదరని రెబ్బలో అది ఉండదు. రెబ్బలో అల్లిన్ అనే పదార్థం ఒక అరలో, దాన్ని మార్చే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. దంచినా కోసినా నమిలినా అరలు పగిలి రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. దంచగానే గుప్పుమనే ఘాటు అదే. అల్లిసిన్ నూనెలో ఊరితే అజోయిన్ అనే ఇంకో పదార్థం తయారవుతుంది. ఇది కూడా ప్లేట్‌లెట్లని అడ్డుకునేదే. మధ్యలో పనిచేసే ఆ ఎంజైమ్‌కి వేడి పడదు. అందుకే వంటలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదాన్ని బట్టి సంగతి మారిపోతుంది.

2007లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. మరిగే నీళ్లలోనో, 200 డిగ్రీల ఓవెన్‌లోనో 3 నిమిషాల వరకు ఉంచిన వెల్లుల్లి పచ్చిదానిలాగే ప్లేట్‌లెట్లని అడ్డుకుంది. దంచకుండా 6 నిమిషాలు ఉంచితే ఆ శక్తి పూర్తిగా పోయింది. ముందే దంచి 6 నిమిషాలు ఉంచితే మాత్రం కొంత మిగిలింది. 10 నిమిషాలు దాటితే దంచినదానిలో కూడా ఏమీ మిగల్లేదు.

దీన్ని మన వంటింట్లో పెట్టి చూడండి. చేపల పులుసులో వేసిన రెబ్బలు చింతపండు పులుసులో ఇరవై నిమిషాలు కుతకుతా ఉడుకుతాయి. వాటి గురించి దిగులక్కర్లేదు. నెల్లూరు ఎర్రకారం వేరు. మిరపకాయలతో పాటు పచ్చి తెల్లగడ్డే నూరి, దోసె మీద పూసి నిమిషం కాలుస్తాం. గుణం చాలావరకు అలాగే ఉంటుంది. కానీ దోసెకి పడేది చెంచాడు కారం, అందులో తెల్లగడ్డ ఇంకా తక్కువ. పెదనాయన మింగింది దంచిన నాలుగు రెబ్బలు, వేడి తగలకుండా, ఖాళీ కడుపున, రోజూ.

నాలుగు రెబ్బలంటే మరీ ఎక్కువా? ఇక్కడ రెండు వైపులా చెప్పాలి. అదే 2007లో వియన్నాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పెరుగుపచ్చడిలో 4.2 గ్రాముల పచ్చి వెల్లుల్లి కలిపి పెట్టి చూశారు. ఒక్కసారి తిన్నప్పుడూ, వారం పాటు రోజూ తిన్నప్పుడూ ప్లేట్‌లెట్ల పనిలో తేడా రాలేదు. ఇంకోవైపు, 1990లో న్యూరోసర్జరీ అనే పత్రికలో ఒక కేసు వచ్చింది. 87 ఏళ్ల పెద్దాయనకి దెబ్బేమీ తగలకుండానే వెన్నుపాము పక్కన రక్తం కారి గడ్డ కట్టింది. ఆయన ప్లేట్‌లెట్లు సరిగ్గా పనిచెయ్యడం లేదని తేలింది. ఆయన అలవాటు రోజుకి సుమారు నాలుగు రెబ్బల వెల్లుల్లి. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. కాకపోతే మా డాక్టరమ్మ దిగులు సరిగ్గా ఆ చోటు గురించే.

హెర్నియాకి నడుములో సూది పొడిచి మత్తు ఇద్దామనుకున్నారు. వెన్నులో ఆ చోటు ఎముకల మధ్య ఇరుకు సందు. చేతి మీద రక్తం కారితే గుడ్డ కట్టి నొక్కొచ్చు. అక్కడ కారితే నొక్కడానికీ లేదు, బయటికి పోవడానికీ దారి లేదు. నిలిచిన రక్తం నరాలని నొక్కేస్తుంది, కాళ్లు పడిపోవచ్చు. చాలా అరుదు, కానీ జరిగితే గంటల్లో మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి.

"వట్టి తెల్లగడ్డ తిన్నాడని నేను ఆపరేషన్ ఆపను. చాలామంది డాక్టర్లు ఆపరు కూడా" అన్నారావిడ. "కానీ ఈయన రక్తం పల్చబడే మందు మీదున్న మనిషి. పచ్చిది ఎక్కువ తిన్నాడు, క్యాప్సూల్సులో ఏముందో తెలీదు. హెర్నియా ఈరోజే చెయ్యకపోతే మునిగిపోయేదేం లేదు. అలాంటప్పుడు రిస్కు ఎందుకు?"

క్యాప్సూల్సు సంగతి నిజమే. సీసా తీసి చూశాం. ముందు "వాసన రాదు" అని పెద్దక్షరాలు. వెనకాల నూనె ఇన్ని మిల్లీగ్రాములని ఉంది. అల్లిసిన్ ఎంతో, అజోయిన్ ఎంతో లేదు. వాసన లేనంత మాత్రాన పని చెయ్యదని కాదు. ఎండబెట్టిన పొడి, నూనె, నెలల తరబడి ఊరబెట్టిన సారం, ఈ మూడూ రసాయనికంగా వేర్వేరు వస్తువులు. ఊరబెట్టిన సారాన్ని వార్‌ఫరిన్ వాడేవాళ్లకి 12 వారాలిచ్చి చూస్తే రక్తస్రావం పెరగలేదని 2006లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ ఫలితం ఆ సారానికే. మా అన్న తెప్పించిన నూనె సీసాకి అది వర్తించదు.

మరి ఎన్నాళ్లు ఆగాలి? ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. అజోయిన్ లాంటిది ఒకసారి దెబ్బకొట్టిన ప్లేట్‌లెట్ తనని తాను బాగుచేసుకోలేదు. దాని కాలం తీరి కొత్తది రావాలి. ఆపరేషన్‌కి కనీసం 7 రోజుల ముందు వెల్లుల్లి సప్లిమెంట్లు ఆపమని 2001లో అమెరికా వైద్యసంఘం పత్రికలో సలహా ఇచ్చింది అందుకే. రెండు వారాలు ఆపమనే డాక్టర్లూ ఉన్నారు.

వాయిదా కూడా ఊరికే పోలేదు. గుండె డాక్టరుకి ఫోన్ చేస్తే, ఇంకో వారం మాత్ర లేకుండా ఉంచడం కుదరదన్నారు. ఆ సాయంత్రమే వార్‌ఫరిన్ మళ్లీ మొదలు. తెల్లగడ్డ, క్యాప్సూల్సు బంద్. మూడు వారాల తర్వాత మళ్లీ 5 రోజుల ముందు మాత్ర ఆపి, మళ్లీ ఐఎన్‌ఆర్ చూసి, అప్పుడు చేశారు. రొయ్యల గుంటల దగ్గర మేత టైములో ఆయన స్థానంలో నేను నిలబడాల్సి వచ్చింది. చెన్నై ఆఫీసులో సెలవులన్నీ దానికే పోయాయి.

మత్తు దిగే వేళకి నర్సు మాకొక మాట చెప్పి వెళ్లింది. కాళ్లలో తిమ్మిరి తగ్గుతూ రావాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైనా, నడుములో గట్టిగా నొప్పి మొదలైనా, మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పిలవండి అని. పెదనాయన రాత్రికల్లా కాళ్లు ఆడించాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ డేటు ఇచ్చి ఉంటే, పన్ను పీకించడమైనా సరే, ఈ రాత్రి వాళ్ల మంచం పక్క అలమర తెరవండి. మాత్రల చీటీలో లేనివన్నీ ఫొటో తీయండి, క్యాప్సూల్ సీసా వెనక లేబుల్‌తో సహా. పరగడుపున ఏం మింగుతారో అడగండి. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే తెల్లగడ్డ గుర్తు రాదు, "పొద్దున్నే ఏం తింటావు?" అంటే వస్తుంది. ఆ ఫొటోలు మత్తు డాక్టరుకి వారం ముందే చూపించండి. యాక్సిడెంట్ లాంటివాటికి వాయిదా కుదరదు. అప్పుడు కూడా చెప్పండి, మత్తు ఇచ్చే పద్ధతి మార్చుకునే వీలు వాళ్లకుంటుంది. ఇంకొకటి. వార్‌ఫరిన్ గానీ, స్టెంట్ వేసినవాళ్ల క్లోపిడోగ్రెల్ గానీ సొంతంగా ఆపొద్దు. ఎప్పుడు ఆపాలో, బదులు ఏమివ్వాలో రాసిచ్చే పని డాక్టరుది.

మొన్న ఆదివారం ఇంటికెళితే పెదనాయన బొమ్మిడాయిల పులుసు తింటున్నాడు. అందులోని తెల్లగడ్డ రెబ్బ గరిటెతో తీసి నాకు చూపించి, "ఇది ఉడికిందే లేరా, ఫొటో తియ్యబాక" అన్నాడు.