రికార్డు మీట నొక్కింది ఎవరు?

ఫోన్ కాల్‌లో మాట్లాడే వ్యక్తి గొంతు మైకు నుంచి మోడెమ్‌కు, అంటే నెట్‌వర్క్‌తో సంధానం జరిపే భాగానికి చేరితే, అవతలి గొంతు మోడెమ్ నుంచి చెవి దగ్గరి స్పీకరుకు వస్తుంది. ఈ రెండు ధ్వనులనూ కలిపి ఒకే ఫైలుగా దాచే అనుమతిని ఆండ్రాయిడ్ ఫోన్‌తోపాటు వచ్చే డయలర్‌కు ఇస్తుంది గానీ, బయటి యాప్‌లకు ఇవ్వదు. దివ్యాంగుల కోసం ఏర్పరచిన యాక్సెసిబిలిటీ సదుపాయాన్ని ఆసరా చేసుకొని కొన్ని యాప్‌లు నడిపిన దొడ్డిదారిని గూగుల్ ప్లే 2022 మేలో మూసివేసింది. రికార్డింగులో సొంత గొంతు స్పష్టంగా, అవతలి గొంతు బావిలోంచి వచ్చినట్లు వినిపిస్తే, అది స్పీకరు శబ్దాన్ని మైకు పట్టుకున్న రికార్డింగు కావచ్చు. గూగుల్ డయలర్, 2024లో ఐఓఎస్ 18.1తో వచ్చిన ఐఫోన్ సదుపాయం రికార్డింగు మొదలైందని ఇరువురికీ వినిపించేలా ప్రకటిస్తాయి. కొన్ని కంపెనీల డయలర్లు మాత్రం ఆ మాట చెప్పకుండానే పని కానిస్తాయి.

భారత న్యాయస్థానాలు ఈ ప్రకటన కంటే, రికార్డు చేసిన వ్యక్తి సంభాషణలో భాగస్వామా కాదా అన్నదానికే ఎక్కువ విలువనిచ్చాయి. బొంబాయి కరోనర్ ఆర్.ఎం. మల్కానీ లంచం అడిగిన సంభాషణను అవతలి వైద్యుడి సమ్మతితో పోలీసులు రికార్డు చేయగా, సుప్రీంకోర్టు 1972లో ఆ టేపును సాక్ష్యంగా అంగీకరించింది. అందుకు భిన్నంగా, అమెరికాలో ఉన్న భార్య ఇతరులతో మాట్లాడిన మాటలను రహస్యంగా రికార్డు చేసి హైదరాబాద్‌లోని విడాకుల కేసులో దాఖలు చేసిన భర్త వాదనను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో తోసిపుచ్చి, ఆ చర్య ఆమె గోప్యతకు భంగమనీ, మాటలు నిజమే అయినా సాక్ష్యంగా చెల్లవనీ తేల్చింది. పరాయివారి సంభాషణను అక్రమంగా అడ్డగించి వినడానికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

భార్యాభర్తల మధ్య జరిగిన సంభాషణనే వారిలో ఒకరు రహస్యంగా రికార్డు చేస్తే, దాన్ని వైవాహిక వివాదంలో సాక్ష్యంగా పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పునిచ్చింది. అయితే కోర్టు తలుపు దాటగలిగిన రికార్డింగును బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేందుకు కూడా ఆ తీర్పు అనుమతి ఇచ్చిందనుకోవడం పొరపాటే; ఒకరిని నమ్మి మాట్లాడిన వ్యక్తి ఊరందరికీ వినిపించడానికి ఒప్పుకున్నట్లు కాదు, పైగా ఆ చర్య పరువునష్టం దావాకూ దారితీయవచ్చు.

కోర్టుకు వెళ్లే ఫైలుకు సైతం వేరే జాగ్రత్త అవసరం. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ప్రతితోపాటు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో హ్యాష్ విలువను, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంకేతాన్ని పేర్కొనాలి. అనవసరమనుకున్న పలకరింపుల వరకే కత్తిరించినా ఆ విలువ మారిపోతుంది కనుక, అసలు ఫైలునూ, అది పుట్టిన ఫోన్‌నూ ముట్టుకోకుండా ఉంచడమే క్షేమం.