ఓపినియన్: పెళ్లి వీడియోలో గ్రెయిన్ వస్తే ముందు చూడాల్సింది కెమెరాని కాదు, లైట్‌ని

గుడిమల్కాపూర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో తీసిన పెళ్లి వీడియో రఫ్ కట్ చూసి ఆ జంట ఒక ప్రశ్న అడిగారు. స్పెక్స్ చూసి వీడియోగ్రాఫర్‌ని బుక్ చేసే అందరికీ పనికొస్తుందని, వాళ్లకి పంపిన జవాబు ఇక్కడ పెడుతున్నా.

అన్నా, వదినా,

ఎంట్రీ క్లిప్ అంతా చుక్కలు చుక్కలుగా ఉంది, కెమెరా ఫాల్టా అని అడిగారు. అదే రాత్రి, అదే కెమెరాతో తీసిన స్టేజ్ క్లిప్ ఒకసారి చూడండి. వెనక బంతి, చామంతి డెకరేషన్ కూడా రేకు రేకూ కనిపిస్తుంది. ఫాల్ట్ అయితే అక్కడా కనిపించాలి కదా. తేడా లైట్‌లోనే ఉంది.

జోరు వానలో రెండు గిన్నెలు పెడితే దాదాపు సమానంగా నిండుతాయి. తుంపరలో ఒకదాంట్లో నాలుగు చుక్కలు పడితే ఇంకోదాంట్లో ఏడు పడొచ్చు. సెన్సర్ మీది పిక్సెల్స్ కూడా అంతే. ఎంట్రీకి హాల్ లైట్లన్నీ ఆర్పేశారు. పైగా స్లో మోషన్ కావాలన్నారు కాబట్టి 50 ఫ్రేమ్స్, 1/100 షటర్, f/4 జూమ్ లెన్స్‌తో తీశాం. దాంతో ఐఎస్‌ఓ 12800కి వెళ్లింది. ఐఎస్‌ఓ పెంచితే కొత్త లైట్ రాదు, వచ్చిన కొంచెం లైట్ దాని హెచ్చుతగ్గులతో సహా పెద్దగా కనిపిస్తుంది.

తమ్ముడి ఫోన్‌లో క్లీన్‌గా వచ్చిందన్నారు. నిజమే, కానీ దాన్ని టీవీలో పెట్టి వదిన చీర జరీ అంచు చూడండి. ఫోన్ చుక్కల్ని తుడిచేస్తూ జరీని కూడా తుడిచేసి ఉంటుంది.

ఎడిటింగ్‌లో నాయిస్ రిడక్షన్ వాడతాం, కానీ తక్కువగానే. ఎక్కువైతే మొహాలు మైనం బొమ్మల్లా అవుతాయి. వెనక చీకటిని చీకటిగానే వదిలేస్తాం. బ్రైట్‌నెస్ పెంచితే అందులో దాగిన గ్రెయిన్ బయటికొస్తుంది. ఫైనల్ వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. వాట్సాప్ కంప్రెషన్‌లో గ్రెయిన్ కాస్తా గడులు గడులుగా మారుతుంది, దాన్ని చూసి క్వాలిటీ తేల్చొద్దు.

ఆదివారం రిసెప్షన్ కూడా అదే హాల్లో కదా, అసలు మార్పు అక్కడ చేయొచ్చు. ఎంట్రీకి స్లో మోషన్ వదిలేస్తే 25 ఫ్రేమ్స్, 1/50తో ఐఎస్‌ఓ 6400కి దిగుతుంది. f/2.8 లెన్స్ పెడితే 3200. మీరు నడిచే దారిలో కొన్ని లైట్లు ఉంచి, మొహాల మీద వెలుతురు రెట్టింపు చేస్తే 1600. f/2 లెన్స్ కూడా ఉంది, కానీ పక్కపక్కన నడుస్తుంటే ఇద్దరిలో ఒకరు ఫోకస్ తప్పే రిస్క్ ఉంది.

స్లో మోషన్ కావాల్సిందే అంటే స్టేజ్ ఎక్కాక తీద్దాం, అక్కడ లైట్ సరిపోతుంది. ఎంట్రీ లైట్ల గురించి మాత్రం డెకరేషన్ వాళ్లకి శనివారమే చెప్పండి. ఆదివారం సాయంత్రం చెబితే ఎవరూ వినరు.